కోడి వల్ల పాత వీడియో వైరల్ అయితే టైటిల్ మార్చాలా, వదిలేయాలా?

మాది డ్రిప్ సేద్యం గురించి చెప్పే చిన్న యూట్యూబ్ ఛానెల్. 2021లో కళ్యాణదుర్గం దగ్గర ఒక చీనీ, అంటే బత్తాయి తోటలో డ్రిప్ ఫిల్టర్ ఎలా కడగాలో చూపిస్తూ తొమ్మిదిన్నర నిమిషాల వీడియో తీశాం. 4:12 దగ్గర ఒక కోడి ఎగిరొచ్చి ఫిల్టర్ మీద కూర్చుంటుంది. తోట వాళ్ల పెద్దమ్మ వెనకాల నుంచి "ఏయ్, వీడియో తీస్తాండారు, కనపడ్లేదా?" అని దాన్ని గదమాయిస్తుంది. ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేద్దామనుకుని బద్ధకించి వదిలేశాను.

నాలుగేళ్లపాటు ఆ వీడియోకు రోజుకు నలభై, యాభై వ్యూస్ వచ్చేవి. అన్నీ ఫిల్టర్ పూడుకుపోయి ఇబ్బంది పడుతున్న రైతులవే. ఆ తర్వాత ఎవరో ఆ ఆరు సెకన్లు కత్తిరించి రీల్ పెట్టారు. పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌కు ఎవరైనా అడ్డొస్తే అదే ఆడియో, జూమ్ మీటింగ్‌లో పిల్లాడు వెనక పరిగెత్తితే అదే ఆడియో. ఒక సోమవారం పొద్దున యూట్యూబ్ స్టూడియో తెరిస్తే గత అరవై నిమిషాల్లోనే 2,300 వ్యూస్ కనిపించాయి. నాకు సంతోషం కన్నా టెన్షనే ఎక్కువైంది. ఇప్పుడు టైటిల్ మార్చాలా, వద్దా?

అలాంటప్పుడు చేతిలో నాలుగు దారులుంటాయి. ఏదీ ముట్టుకోకుండా వదిలేయడం మొదటిది. టైటిల్, థంబ్‌నెయిల్ మొత్తం ట్రెండ్ వైపు తిప్పేయడం రెండోది. అసలు విషయాన్ని ముందే ఉంచి ట్రెండ్ మాటను తోకలా తగిలించడం మూడోది. పాత వీడియోను దాదాపు అలాగే ఉంచి, వచ్చిన జనం కోసం వేరే షార్ట్ పెట్టడం నాలుగోది. డిలీట్ చేసి కొత్తగా అప్‌లోడ్ చేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు గానీ దాన్ని దారుల్లో లెక్కెయ్యను. లింక్ పోతుంది, కామెంట్లు పోతాయి, నాలుగేళ్ల వ్యూస్ పోతాయి.

ముందు జనం ఏ దారిన వస్తున్నారో చూడాలి

టైటిల్ పని చేసేది ఇంకా క్లిక్ చేయని మనిషి మీదే. వాట్సాప్ లింక్ నొక్కి వచ్చినవాడికి టైటిల్‌తో పెద్దగా పని లేదు, వాడు అప్పటికే లోపలికి వచ్చేశాడు. యూట్యూబ్‌లో వెతుకుతున్నవాడికి, హోమ్ పేజీలో పైకీ కిందికీ జరుపుతున్నవాడికి టైటిల్ అవసరం. అందుకే అనలిటిక్స్‌లో ట్రాఫిక్ సోర్స్‌లు చూడకుండా టైటిల్ మీద చెయ్యి వెయ్యకూడదు.

చిక్కేమిటంటే, వ్యూస్ లెక్క వెంటనే కనిపిస్తుంది గానీ వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్న పూర్తి వివరం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోపు కామెంట్లే దిక్కు. మా వీడియో కింద ఆ ఉదయమే "రీల్ చూసి వచ్చినవాళ్లు లైక్ కొట్టండి" అన్న కామెంట్లు ఇరవై దాకా ఉన్నాయి. కారణం అర్థమైంది. బుధవారానికి లెక్క తేలింది: సగానికి పైగా `YouTube search` నుంచి, మిగతాలో ఎక్కువ భాగం `Suggested videos` నుంచి. `External` చాలా తక్కువ. ఆలోచిస్తే సహజమే. కత్తిరించి పెట్టిన రీల్‌లో మన లింక్ ఉండదు. ఆ మాట గుర్తుపెట్టుకుని జనం యూట్యూబ్‌లోకి వచ్చి వెతుక్కుంటారు.

ఇదే లెక్క తిరగబడి `External` ఎక్కువగా ఉంటే, అంటే ఏదో వెబ్‌సైటో వాట్సాప్ గ్రూపో నేరుగా లింక్ పంచుతుంటే, నేను మొదటి దారే ఎంచుకునేవాణ్ణి. టైటిల్ ముట్టుకోను. పిన్ చేసిన కామెంట్ రాసుకుని కూర్చుంటాను. `Browse features`, అంటే హోమ్ పేజీలో చూసి వచ్చినవాళ్లు, ఎక్కువగా ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఇప్పుడున్న టైటిల్, థంబ్‌నెయిల్ చూసే జనం క్లిక్ చేస్తున్నారని దాని అర్థం. యూట్యూబ్ చెప్పే మాట కూడా ఇదే: మార్చడం వల్లనే పైకో కిందికో పోదు, మార్చాక జనం ప్రవర్తన మారితే దానికి తగ్గట్టు సిస్టమ్ స్పందిస్తుంది. బాగా నడుస్తున్నదాన్ని కదిలిస్తే ఆ ప్రవర్తన చెడ్డ వైపు కూడా మారొచ్చు.

మూడు టైటిళ్లు పక్కపక్కన

మా పాత టైటిల్ ఇది:

```
డ్రిప్ ఫిల్టర్ క్లీనింగ్ పూర్తి విధానం | స్క్రీన్ ఫిల్టర్, డిస్క్ ఫిల్టర్
```

మా తమ్ముడు ఫోన్ చేసి మరీ ఇమ్మని చెప్పిన టైటిల్ ఇది:

```
వీడియో తీస్తాండారు కనపడ్లేదా!! కోడి వైరల్ వీడియో ఒరిజినల్
```

చివరికి పెట్టింది ఇది:

```
డ్రిప్ ఫిల్టర్ క్లీనింగ్ పూర్తి విధానం | "వీడియో తీస్తాండారు" కోడి ఒరిజినల్
```

తమ్ముడి టైటిల్‌కు ఆ వారం క్లిక్స్ కచ్చితంగా ఎక్కువే వచ్చేవి. నేను కాదనను. కానీ అది రెండు చోట్ల దెబ్బకొడుతుంది. మొదటిది, "డ్రిప్ ఫిల్టర్" అని వెతికే రైతుకు ఈ వీడియో కనిపించినా కోడి పేరు చూసి దాటిపోతాడు. నాలుగేళ్లుగా రోజూ వచ్చిన ఆ నలభై మంది మాకు అసలు ఆస్తి. రెండోది, కోడి వీడియో అనుకుని వచ్చినవాడికి మొదటి నాలుగు నిమిషాలూ ఫిల్టరూ, ప్రెషర్ గేజూ కనిపిస్తాయి. ముప్పై సెకన్లలో వెళ్లిపోతాడు. వీడియో చెప్పేదొకటి, టైటిల్ చెప్పేదొకటి అయినప్పుడు జరిగేది అదే.

వీడియోలో లేనిదాన్ని టైటిల్‌లో పెడితే అది యూట్యూబ్ నిబంధనల్లో తప్పు. మన దేశంలో ఇది కాస్త గట్టిగానే పట్టించుకుంటున్నారు. తాజా వార్తల విషయంలో టైటిల్‌లోనూ థంబ్‌నెయిల్‌లోనూ ఒకటి చెప్పి వీడియోలో ఇంకోటి చూపించేవాటి మీద భారత్‌లో చర్యలు పెంచుతామని 2024 డిసెంబర్‌లో యూట్యూబ్ ప్రకటించింది. మా కోడి వీడియోలో కోడి నిజంగానే ఉంది కాబట్టి ఆ భయం లేదు. కానీ ట్రెండ్‌లో ఉన్న సినిమా హీరో పేరు తగిలిస్తే సంగతి వేరు.

మూడో టైటిల్‌లో పాత మాటలు మొదటే ఉన్నాయి. ఫోన్‌లో టైటిల్ సాధారణంగా రెండు లైన్లకు మించి కనిపించదు కాబట్టి ముందున్నదే ముఖ్యం. కోడి కోసం వెతికేవాడు తన మాటలు సెర్చ్‌లో టైప్ చేసే వస్తున్నాడు, తోకలో ఉన్నా పట్టుకుంటాడు. డిస్క్ ఫిల్టర్, స్క్రీన్ ఫిల్టర్ అన్న మాటలు టైటిల్‌లోంచి పోయాయి. వాటిని డిస్క్రిప్షన్ మొదటి లైన్‌లోకి దించాను. టైటిల్‌కు వంద అక్షరాల హద్దు ఉంది. తెలుగులో గుణింతం, వత్తు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ వంద మనం అనుకున్నదానికన్నా తొందరగా నిండిపోతుంది.

థంబ్‌నెయిల్ మాత్రం మార్చలేదు. మూడు థంబ్‌నెయిళ్లు పెట్టి ఏది బాగుందో పోల్చి చూసే సదుపాయం స్టూడియోలో ఉంది గానీ, దాని ఫలితం రావడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. రీల్ ట్రెండ్ అంతకాలం ఆగదు. తీరిగ్గా నడిచే వీడియోలకు ఆ పరీక్ష బాగుంటుంది, ఇలాంటి హడావిడికి పనికిరాదు.

ఒక చిన్న జాగ్రత్త. మార్చేముందు పాత టైటిల్, డిస్క్రిప్షన్, ట్యాగులు కాపీ చేసి ఎక్కడైనా దాచుకోండి, తేదీతో సహా. సేవ్ నొక్కాక పాతదానికి తిరిగి తీసుకెళ్లే బటన్ ఏదీ ఉండదు.

తెలుగువాళ్లు వెతికేది ఇంగ్లిష్ అక్షరాల్లో

అందరూ టైటిల్ గురించే మాట్లాడతారు గానీ, మాకు ఎక్కువ లాభం వచ్చింది డిస్క్రిప్షన్‌లో. `YouTube search` మీద నొక్కితే జనం టైప్ చేసిన మాటల జాబితా వస్తుంది. అందులో తెలుగు లిపిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావి ఇలా ఉన్నాయి:

```
video teestandaru kanapadleda
vedio tistandaru kodi
kodi peddamma viral video original
teesthandaru kanapadleda full video
```

ఒకే మాటకు ఎన్ని స్పెల్లింగులో చూడండి. "తీస్తాండారు" అనంతపురం మాట. కోస్తాలో "తీస్తున్నారు" అనేవాళ్లు దాన్ని విన్నది విన్నట్టు రాయలేక ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ట్యాగుల వల్ల పెద్ద ఉపయోగం లేదని యూట్యూబే చెబుతుంది, కానీ జనం స్పెల్లింగ్ తప్పు రాసే మాటల విషయంలో అవి పనికొస్తాయని కూడా చెబుతుంది. మా కేసు సరిగ్గా అదే. అందుకని ఈ స్పెల్లింగులు ట్యాగుల్లో పెట్టాను. ఎక్కువమంది వాడిన ఒక రూపాన్ని మాత్రం డిస్క్రిప్షన్‌లో మామూలు వాక్యంలో ఇమిడ్చాను. పది స్పెల్లింగులు వరసగా డిస్క్రిప్షన్‌లో పేర్చడం మాత్రం వద్దు. చదివేవాడికి చిరాకు, పైగా అది స్పామ్ కింద లెక్క.

డిస్క్రిప్షన్‌లో చాప్టర్లు కూడా అప్పుడే పెట్టాను:

```
00:00 ఫిల్టర్ ఎందుకు పూడుకుంటుంది
01:35 ప్రెషర్ గేజ్‌లో తేడా చూడటం
04:05 కోడి వచ్చింది ఇక్కడే
04:20 స్క్రీన్ తీసి కడగడం
07:10 డిస్క్ ఫిల్టర్ కడగడం
```

మొదటిది 00:00తోనే మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి పది సెకన్లకు తగ్గకూడదు. లేకపోతే చాప్టర్లు కనిపించవు. కోడి ఉన్న చోటు ఇలా చెప్పేస్తే జనం అక్కడికి దూకి, నవ్వుకుని వెళ్లిపోతారు కదా, వాచ్ టైమ్ పోదా అని తమ్ముడు వాదించాడు. చెప్పకపోయినా వాళ్లు వేలితో జరుపుకుంటూ వెతుకుతారు. దొరక్కపోతే తిట్టుకుంటూ వెళ్తారు. ఏ క్షణం దగ్గర ఎంతమంది చూస్తున్నారో చెప్పే రిటెన్షన్ గ్రాఫ్‌లో 4:12 దగ్గర కొండలా లేచి ఉంది, దాని ముందంతా పల్లం. చాప్టర్ పెట్టాక కొండ అలాగే ఉంది. మారిందల్లా కొండ దిగాక 4:20 దాటి చూసినవాళ్లు కొద్దిగా పెరగడం. ఎందుకంటే అక్కడి నుంచి పెద్దమ్మ మాటలు ఇంకో రెండు సార్లు వినిపిస్తాయి.

వచ్చినవాళ్లను ఎక్కడికి పంపాలి

ఇక్కడే చాలామంది ఎండ్ స్క్రీన్ మీద ఆశ పెట్టుకుంటారు. ఎండ్ స్క్రీన్ వీడియో చివరి అయిదు నుంచి ఇరవై సెకన్లలోనే వస్తుంది. కోడిని చూడటానికి వచ్చినవాడు తొమ్మిదో నిమిషం దాకా ఉండడు. ఎండ్ స్క్రీన్ చూసేది ఫిల్టర్ కడగాలనుకునే రైతు. అందుకని దాన్ని రైతు కోసమే వదిలేశాను. అక్కడ యాసిడ్ ట్రీట్‌మెంట్ వీడియో ఉంది, అలాగే ఉంచాను. కొత్తగా వచ్చినవాడి కోసం రెండే పనిముట్లు మిగులుతాయి: ఇన్ఫో కార్డ్, పిన్ చేసిన కామెంట్.

కార్డ్‌ను 4:21 దగ్గర పెట్టాను, నవ్వు అయిపోయిన వెంటనే. ముందే పెడితే నవ్వు మధ్యలో అడ్డం, ఆలస్యమైతే మనిషి ఉండడు. పిన్ చేసిన కామెంట్‌లో మూడు ముక్కలు: కోడి 4:12 దగ్గర ఉంది, పెద్దమ్మ క్షేమంగా ఉంది, ఆమె చీనీ తోట తిప్పి చూపించిన వీడియో ఇదిగో. కామెంట్‌లో టైమ్ రాస్తే అదే లింక్ అయిపోతుంది, నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది.

ఏ వీడియోకు పంపాలన్నది కూడా ఒక ఎంపికే. మొదటి రోజు తొందరలో మా బాగా ఆడిన వీడియోకు, అంటే డ్రిప్ నీళ్లలో ఎరువు కలిపే వెంచురి బిగించే వీడియోకు పంపాను. దాదాపు ఎవరూ నొక్కలేదు. వాళ్లకు నచ్చింది డ్రిప్ కాదు, పెద్దమ్మ మాట తీరు. అదృష్టం కొద్దీ 2022లో అదే తోటలో తీసిన ఇంకో వీడియోలో ఆమె పది నిమిషాలు మాట్లాడింది. లింక్ మార్చగానే క్లిక్స్ వచ్చాయి. మీ దగ్గర అలాంటి వీడియో లేకపోతే ఉన్నదాంట్లోంచే ఒక షార్ట్ కత్తిరించి పెట్టడం మేలు. షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా ఉండొచ్చు, దానికి అసలు వీడియోను రిలేటెడ్ వీడియోగా తగిలించొచ్చు. తమ్ముడి టైటిల్ వృథా పోలేదు, ఆ షార్ట్‌కు అదే పెట్టాం. కోడి కోసం వెతికేవాడికి కోడి మాత్రమే ఉన్న ముప్పై సెకన్లు దొరికాయి, పెద్ద వీడియో పేరు పాడవలేదు. మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సి వస్తే ఈ షార్ట్ బుధవారం దాకా ఆగకుండా సోమవారమే పెడతాను.

ఇదంతా చేసేముందు పెద్దమ్మకు ఫోన్ చేశాం. "నన్నేమన్నా తిడతాండారా?" అని అడిగింది. లేదు పెద్దమ్మా, కోడిని చూసి నవ్వుతాండారు అన్నాను. "ఆ కోడి ఎప్పుడో పోయిందప్పా" అంది. ఆమె వద్దంటే టైటిల్ తోకా, షార్టూ రెండూ ఉండేవి కావు. కామెంట్లలో ఆమె యాసను వెక్కిరించిన నాలుగైదింటిని తీసేశాం, అలాంటి మాటలను బ్లాక్ చేసే జాబితాలో పెట్టాం.

కారణం నవ్వు కానప్పుడు

మా అదృష్టం బాగుంది, కారణం కోడి. అన్నిసార్లూ అలా ఉండదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలప్పుడు తీసిన వీడియో ఉందనుకోండి. ఏ సంవత్సరమైనా గట్టి వాన పడగానే అది ఇవాళ్టిదే అన్నట్టు మళ్లీ తిరుగుతుంది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరద వీడియోలకూ అంతే. అలాంటప్పుడు నేను చెప్పిన మూడో దారి తలకిందులవుతుంది. ట్రెండ్ మాట కాదు, తేదీ ముందు రావాలి: `2020 అక్టోబర్ | హైదరాబాద్ వరదలు` అని. డిస్క్రిప్షన్ మొదటి లైన్, పిన్ చేసిన కామెంట్ రెండూ అదే చెప్పాలి. వ్యూస్ తగ్గుతాయి, తగ్గనివ్వండి. జనం దాన్ని చూసి ఇవాళ ఏ రోడ్డు మునిగిందో నిర్ణయించుకుంటున్నారు.

వీడియోలో కనిపించిన మనిషి చనిపోవడం వల్లో, ఎవరో కేసులో ఇరుక్కోవడం వల్లో వ్యూస్ పెరిగితే మొదటి దారి ఒక్కటే సరైనది. ఏదీ తగిలించకూడదు, ఇన్ఫో కార్డులూ పెట్టకూడదు, కామెంట్లు ముందు మనం చూశాకే కనిపించేలా పెట్టుకోవాలి. వీడియోలోంచి ఒక ముక్క తీసేయాల్సి వస్తే స్టూడియో ఎడిటర్‌లో కత్తిరించొచ్చు, లింక్ మారదు. కాకపోతే పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేని ఛానెళ్లకు లక్ష వ్యూస్ దాటిన వీడియోలో ముఖాలు బ్లర్ చేయడం తప్ప మిగతా మార్పులు సేవ్ కాకపోవచ్చు. అందుకే లక్ష దాటకముందే ఆ నిర్ణయం తీసుకోవాలి.

తోక ఎప్పుడు తీసేయాలి

టైటిల్ తోకకు గడువు ఉండాలి. నేను పెట్టుకున్న గుర్తు సెర్చ్ మాటల జాబితాయే. వారానికోసారి గత ఏడు రోజులకు చూస్తాను. కోడి మాటలన్నీ కలిపినా ఫిల్టర్ మాటల కన్నా తక్కువైన వారం తోక తీసేస్తాను. మాకు అది అయిదో వారం వచ్చింది. టైటిల్ పాతదానికి మార్చాను. ట్యాగులు, చాప్టర్లు, పిన్ చేసిన కామెంట్ మాత్రం అలాగే ఉంచాను. వాటివల్ల రైతుకు అడ్డం లేదు, ఆలస్యంగా కోడిని వెతుక్కుంటూ వచ్చేవాడికి దారి దొరుకుతుంది.

కొత్తవాళ్లు ఎంతమంది నిలిచారన్నది సబ్‌స్క్రైబర్ల అంకె చూసి చెప్పలేం. ఆ అయిదు వారాల్లో మూడు వేల మంది పైగా చేరారు. తర్వాత పెట్టిన లాటరల్ పైపుల వీడియోకు మామూలుగా వచ్చే వ్యూసే వచ్చాయి. ఆ మూడు వేలలో చాలామంది దాన్ని ముట్టుకోలేదు. ఆడియన్స్ ట్యాబ్‌లో తిరిగొచ్చిన ప్రేక్షకుల గీత మాత్రం ఒకే ఒక్క రోజు బాగా లేచింది. పెద్దమ్మ తన తోటలో చీనీ కాయలు ఎలా కోస్తారో, వ్యాపారి బేరం ఎలా చేస్తాడో చెప్పిన వీడియో పెట్టిన రోజు అది. ఆ వీడియో తీస్తున్నంతసేపూ ఆమె కోళ్లను గంప కింద మూసి పెట్టింది.